తాత్కాలిక హోల్డ్‌లో గడువు తప్పనిసరి

"అజెండా ఇంకా ఖరారు కాలేదు. మేనేజర్‌గారి క్యాలెండర్‌లో 'హోల్డ్' అని పెడితే డిక్లైన్ చేసేశారు. ఎలా రాయాలి?"

విషయం, గడువు రెండూ కనబడకపోవడమే కారణం అయ్యుంటుంది. దేనికో తెలియని స్లాట్‌ను ఎవరూ ఉంచుకోరు.

1. టైటిల్ ఇలా: "తాత్కాలికం: బడ్జెట్ సమీక్ష (30 నిమిషాలు)".

2. చాలామంది వదిలేసేది గడువే. లోపల మొదటి వాక్యంగా రాయండి: "గురువారం మీటింగ్‌కు అజెండా మంగళవారం సాయంత్రం 5 లోపు పంపుతాను. పంపలేకపోతే ఈ స్లాట్‌ను నేనే రద్దు చేస్తాను." అప్పుడు ఆయన ఎదురుచూడాల్సింది ఎప్పటివరకో తెలుస్తుంది. ఆ టైముకి మీకూ రిమైండర్ పెట్టుకోండి, మాట తప్పితే తర్వాతి హోల్డ్‌ను నమ్మరు.

3. Outlook అయితే పంపే ముందే Show As దగ్గర Tentative ఎంచుకోండి. లేదంటే ఆయన అంగీకరించగానే Busy అని పడుతుంది.

4. ఖరారయ్యాక అదే ఇన్వైట్‌లో "తాత్కాలికం" తీసేసి, అజెండా చేర్చి, Busy కి మార్చి అప్‌డేట్ పంపండి. కొత్తది పంపితే ఒకే సమయానికి రెండు కనిపిస్తాయి.