ముందే రాసిపెట్టి ఉంటే కష్టపడటం ఎందుకు?

"ఎవరికి మోక్షమో దేవుడు ముందే నిర్ణయించేశాడని ప్రొటెస్టెంట్ మతసంస్కర్త కాల్విన్ అంటాడు కదా. అలాంటప్పుడు జనం చేతులు ముడుచుకుని కూర్చోవాలి. ప్రొటెస్టెంట్ నమ్మకాలే పెట్టుబడిదారీ స్ఫూర్తికి ఊతమిచ్చాయన్న సామాజికశాస్త్రవేత్త మాక్స్ వెబర్ వాదన ఇక్కడే అర్థం కావట్లేదు."

తర్కం ప్రకారం మీరన్నది నిజమే. వెబర్ (1904-05) చూసింది మాత్రం మనసు పడే టెన్షన్‌ని. నిర్ణయం అయిపోయింది, కానీ అదేమిటో మనిషికి తెలియదు. ఆ భయంతో వచ్చినవాళ్లకి తర్వాతి తరం పాస్టర్లు చెప్పింది ఒకటే: అనుమానం సైతాను పని, నీ వృత్తిలో విరామం లేకుండా పనిచెయ్యి. పని మోక్షాన్ని సంపాదించిపెట్టదు, భయాన్ని పోగొడుతుంది. లాభం వస్తే శుభసూచన. దాంతో విలాసాలు చేయకూడదు కాబట్టి అది మళ్లీ వ్యాపారంలోకే వెళ్తుంది.

విమర్శల్లో "కాల్విన్‌కి ముందే ఆగ్స్‌బర్గ్‌లో ఫుగ్గర్ అనే క్యాథలిక్ కోటీశ్వరుడు ఉన్నాడుగా" అన్నది అందరూ రాసేదే. వెబరే దానికి జవాబిచ్చాడు: అది వ్యాపార సాహసం, పనిని ధర్మంగా చూడటం కాదు.

నాకు గట్టి విమర్శగా అనిపించేది ఆర్థికవేత్తలు బెకర్, వోస్‌మన్ల 2009 పరిశోధన. 19వ శతాబ్దపు జర్మన్ రాజ్యం ప్రష్యాలో ప్రొటెస్టెంట్ జిల్లాలు ఆర్థికంగా ముందున్న మాట నిజమే. కానీ బైబిల్ సొంతంగా చదవాలని ప్రొటెస్టెంట్ ఉద్యమం మొదలుపెట్టిన లూథర్ పట్టుబట్టడంతో అక్కడ అక్షరాస్యత ఎక్కువ. ఆ తేడాని లెక్కలోకి తీసుకుంటే ఆర్థికంగా ఉన్న తేడా చాలావరకు మాయమైపోతుంది.