షాపు మారుతున్నట్టు క్యాప్షన్ ఎలా రాయాలి?

"కొత్త అడ్రస్‌తో 'పాత షాపు 15 వరకు' అని పోస్ట్ పెట్టాం. అయినా ఎక్కడ, ఎప్పటి నుంచి అని ఫోన్లు ఆగడం లేదు. క్యాప్షన్‌లో ఏం తప్పు?"

ఇన్‌స్టాగ్రామ్‌లో క్యాప్షన్ మొదటి ఒకటి రెండు లైన్లే కనిపిస్తాయి, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. మీరు ఆ చోటు కృతజ్ఞతలకు వాడేసి ఉంటారు. అవి చివరికి పంపండి.

అసలు చిక్కు "15 వరకు" అనే మాటతో. 15న తెరిచి ఉంటుందా, లేదా? చాలామంది ఇక్కడే ఆగి ఫోన్ చేస్తారు. వారం పేరు కూడా కలిపి, మధ్యలో మూసే రోజునూ చెప్పేయండి:

"పాత షాపులో చివరి రోజు ఆదివారం, జూన్ 15, రాత్రి 8 దాకా. సోమవారం సెలవు. మంగళవారం, జూన్ 17 ఉదయం 10 నుంచి కొత్త చోట.
పాత షాపు నుంచి బస్టాండ్ వైపు నడిస్తే వాటర్ ట్యాంక్ వస్తుంది. దాన్ని దాటగానే ఎడమవైపు రెండో బిల్డింగ్, మొదటి అంతస్తు. మెట్లు పక్క సందులో ఉన్నాయి."

దీని కింద డోర్ నంబరు, వీధి, పిన్‌కోడ్‌తో పూర్తి అడ్రస్ ఇవ్వండి. దారి మాత్రం పాత షాపు నుంచే మొదలవ్వాలి, మీ కస్టమర్లకు తెలిసిన చోటు అదే కదా. గుర్తుగా ఇంకో షాపు పేరు పెట్టకండి, రేపు అదీ మారిపోవచ్చు. క్యాప్షన్‌లో మ్యాప్ లింక్ పెట్టినా నొక్కితే తెరుచుకోదు, దాన్ని బయోలో ఉంచండి.