ఎర్ర గుర్తు కార్డు ముందు వైపు పెట్టొద్దు

ప్రశ్న: పీరియాడిక్ ట్రెండ్స్ క్లాసులో వింటుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది. పరీక్షలో ఎక్సెప్షన్ల దగ్గరే తప్పులు పోతున్నాయి. లెక్చర్ నోట్స్‌ని కార్డులుగా రాసుకుంటే గుర్తుంటాయా? ఎలా రాసుకోవాలి?

గుర్తుంటాయి. కానీ నేను మొదటిసారి రాయించిన కార్డుల వల్ల మా అక్క కూతురికి వచ్చింది కూడా పోయింది. ముందు ఆ సంగతి చెప్తాను.

పోయిన ఎండాకాలం పాప కడపలో మా ఇంటికొచ్చింది. ఇంటర్ మొదటి సంవత్సరం. నోట్‌బుక్‌లో అయనైజేషన్ ఎనర్జీ లెక్చర్ మూడు పేజీలుంది. మొదటి పేజీలో పెద్ద బాణం గీసి "ఎడమ నుంచి కుడికి పెరుగును" అని రాసుకుంది. మూడో పేజీ అడుగున, బెల్లు కొట్టే టైమ్‌లో చెప్పారేమో, "కానీ Be > B, N > O" అని ఒక మూలన ఇరికించింది. పరీక్షలో వచ్చేది ఆ మూలన ఉన్నదే.

బీరువా మీదున్న పాత శుభలేఖలు దించి కత్తిరించాం. దళసరి అట్ట, వెనక వైపు ఖాళీ, డబ్బు ఖర్చు లేదు. ఫోన్లో కార్డుల యాప్‌లు ఉన్నాయి కదా అంటారు. ఫోన్ చేతికిస్తే పిల్లలు తిప్పేది కార్డులు కాదని అందరికీ తెలుసు. సరే, ఎక్సెప్షన్లన్నీ ఏరి, ఎర్ర స్కెచ్ పెన్నుతో కార్డుకొకటి రాయించాను. పన్నెండు కార్డులు. రెండు రోజుల్లో గడగడా అప్పజెప్పింది. మూడో రోజు అన్నం తింటూ ఊరికే అడిగాను, కార్బన్, నైట్రోజన్‌లో దేనికి ఎక్కువ అని.

"కార్బన్" అంది ఠక్కున.

"ఎందుకు పాపా?"

"నువ్వు అడిగినావంటే తలకిందులే కదా మామా!"

తప్పు నాది. కట్టలో అన్నీ ఎక్సెప్షన్లే పెడితే బుర్ర నేర్చుకునేది కెమిస్ట్రీ కాదు, "ఏది అడిగినా తిరగేసి చెప్పు" అన్న ఒక్క ముక్క. పైగా ముందు వైపే ఎర్ర రంగు కనిపిస్తుంటే కార్డు చదవక్కర్లేకుండానే జవాబు తెలిసిపోతుంది. పరీక్ష పేపర్లో ఎర్ర రంగు ఉండదు.

మళ్లీ రాశాం. ఈసారి ముందు వైపు అన్నీ ఒకేలా, నల్ల పెన్నుతో, రెండు మూలకాలు, ఒక ప్రశ్న గుర్తు. Be ? B ఉన్న కట్టలోనే Li ? Be, B ? C కూడా ఉంటాయి. N ? O పక్కన C ? N, O ? F ఉంటాయి. అంటే ఒక ఎక్సెప్షన్ కార్డుకి రెండు మామూలు కార్డులు తోడు. ఎర్ర గీత వెనక వైపే. ఎక్సెప్షన్ అయితే వెనక మూడు సంగతులు రాస్తాం: ఎంత తేడా, ఎందుకు, ఎక్కడిదాకా.

N ? O కార్డు వెనక ఏముందో పూర్తిగా చెప్తాను. నైట్రోజన్ 1402, ఆక్సిజన్ 1314 కిలోజౌల్స్, మోల్‌కి. తేడా 88. కారణం: నైట్రోజన్‌లో 2p ఎలక్ట్రాన్లు మూడు, ఆర్బిటాళ్లూ మూడు, గదికొకటి చొప్పున సర్దుకున్నాయి. ఆక్సిజన్‌లో నాలుగోది అప్పటికే ఒకటున్న గదిలో దూరాలి. రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి, కాబట్టి ఒకదాన్ని బయటికి లాగడం తేలిక. ఇక్కడ నాకో కోపం ఉంది. చాలా గైడ్లలో "సగం నిండిన ఆర్బిటాళ్లకు అధిక స్థిరత్వం" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. అది మంత్రంలా బట్టీపట్టిన పిల్లలు Be ? B దగ్గర కూడా అదే రాస్తారు. అక్కడ సగం నిండిందేదీ లేదు! బెరీలియంలో తీయాల్సింది 2s ఎలక్ట్రాన్. బోరాన్‌లో 2p ఎలక్ట్రాన్, దాని శక్తి స్థాయి ఎక్కువ, పైగా లోపలి 2s ఎలక్ట్రాన్లు కేంద్రకం పట్టు దానిదాకా రాకుండా కొంత అడ్డుపడతాయి. అందుకే 899 నుంచి 801కి పడింది. రెండు పల్లాలు, రెండు వేర్వేరు కారణాలు. కార్డులు విడిగా ఉండాల్సింది అందుకే.

మూడోది, ఎక్కడిదాకా అన్నది, ఎవరూ రాసుకోరు. నైట్రోజన్ కన్నా తగ్గినంత మాత్రాన ఆక్సిజన్ పాతాళానికి పోలేదు. కార్బన్ 1086 కన్నా పైనే ఉంది. బోరాన్ కూడా లిథియం 520 కన్నా పైనే. అంటే జారింది ఒక్క మెట్టే. దీనికోసం మాటల్లేని కార్డు ఒకటి గీశాం, లిథియం నుంచి నియాన్ దాకా ఎత్తుపల్లాల గీత. వేలు పెట్టి దాని మీద నడిపిస్తే రెండు చోట్ల దిగుతుంది, మిగతా అంతా ఎక్కుడే. వెనక వరస:

Li < B < Be < C < O < N < F < Ne

మూడో పీరియడ్‌కి వేరే కట్ట అక్కర్లేదు. అవే రెండు చోట్ల, Mg > Al, P > S. కాకపోతే రెండోది బొటాబొటిగా గెలుస్తుంది, 1012కి 1000. పరమాణువు పెద్దదయ్యేసరికి ఎలక్ట్రాన్లకి చోటు పెరిగి తోపులాట తగ్గింది. ఆ 12 తేడా చూసినప్పుడే పాపకి కారణం నిజంగా ఎక్కింది అనుకుంటా.

క్లోరిన్, ఫ్లోరిన్ ఎలక్ట్రాన్ ఎఫినిటీ గొడవ (349, 328) ఈ కట్టలో కలపొద్దు. అక్కడ కథ వేరు. ఫ్లోరిన్ మరీ చిన్నది, కొత్తగా వచ్చే ఎలక్ట్రాన్‌కి లోపల కిక్కిరిసి ఉంటుంది. కార్డుల్ని ధర్మం పేరుతో కాకుండా కారణం పేరుతో రబ్బరు బ్యాండు వేయండి.

ఇంకో బోల్తా. ఈ కార్డులన్నీ "మొదటి" అయనైజేషన్ ఎనర్జీకే. ఆ మాట కార్డు మీద రాయకపోవడం నా రెండో తప్పు. నెల తర్వాత పాప అనంతపురం హాస్టల్ నుంచి ఫోన్ చేసింది, మోడల్ పేపర్లో రెండో అయనైజేషన్ ఎనర్జీ అడిగారని. N > O అనే పెట్టొచ్చిందట. ఒక ఎలక్ట్రాన్ పోయాక ఆక్సిజన్ అయాన్‌కి మిగిలేది 2p³, అచ్చం నైట్రోజన్ అమరిక. కాబట్టి ఈసారి గట్టిగా ఉండేది ఆక్సిజన్, 3388. ఫ్లోరిన్ 3374, నైట్రోజన్ 2856. బోరాన్ కూడా కార్బన్‌ని దాటేస్తుంది, 2427కి 2353.

దానికి కొత్త కార్డు రాసుకోమన్నాను. వెనక ఎర్ర గీత పెట్టమంటే పెట్టనంటోంది. "ఇది ఎక్సెప్షన్ యాడుంది మామా, పాత గీతే ఒక గడి పక్కకి జరిగింది అంతే" అని. నేను మాత్రం పెట్టమనే అంటున్నా.