రోజూ బైక్ నడుపుతూ, దిగాక నడవాల్సిన వాళ్ళకి ఎలాంటి బూట్లు?

ప్రశ్న: ఇచ్ఛాపురం నుంచి బరంపురానికి రోజూ బైక్ మీద డ్యూటీకి వెళ్తాను. దిగాక మార్కెట్‌లో షాపు షాపుకీ తిరగాలి. మామూలు బూట్లు వేస్తే ఎడమ కాలి బూటు గేర్ రాడ్ దగ్గర చిరిగిపోతోంది. చీలమండకి రక్షణ ఉండి, నడవడానికీ బాగుండే రైడింగ్ బూట్లు ఎలా చూసుకోవాలి?

జవాబు: నేను బరంపురంలోనే ఉంటాను, నాదీ సేల్స్ పనే. బూట్లు కొనే ముందు మీ బైక్ గేర్ రాడ్ చూడండి. ముందూ వెనకా రెండు పెడల్స్ ఉన్న రాడ్ అయితే పై గేర్లకి మడమతో నొక్కవచ్చు కాబట్టి బూటు పైభాగం అంతగా అరగదు. మీ బూటు చిరిగే తీరు చూస్తే మీది ముందు వైపు ఒకటే ఉన్న రాడ్ అనుకుంటున్నాను. దాన్ని రెండో గేరు నుంచి ప్రతిసారీ వేళ్ళ పైభాగంతో ఎత్తాలి. ఊళ్ళో ట్రాఫిక్‌లో ఆ ఒక్క చోటే రోజంతా రాసుకుంటుంది.

రైడింగ్ బూటులో అక్కడ అదనంగా తోలు గానీ రబ్బరు గానీ అతికి ఉంటుంది. ఆ అతుకు కుట్టు ఎక్కడుందో చూడండి. రాడ్ తగిలే చోటికే కుట్టు వస్తే ముందు దారం తెగుతుంది, తర్వాత అతుకు లేస్తుంది. రాడ్ మీది రబ్బరు కూడా తడిమి చూడండి. అది అరిగిపోయి గరుకు ఇనుము బయటపడితే ఎంత మంచి తోలైనా ఆకురాయితో రుద్దినట్టు అరిగిపోతుంది. ఆ రబ్బరు మార్చడం చాలా చిన్న ఖర్చు.

అతుకు వల్ల బూటు ముందు భాగం మందంగా అవుతుంది. అప్పుడు రాడ్ కిందికి కాలు సరిగా దూరదు. గేరు సగమే పడి న్యూట్రల్‌లాగా ఇంజన్ ఊరికే అరుస్తుంటే, లేదా సాయంత్రానికి కాలి ముందు వైపు కండరం లాగుతుంటే కారణం అదే. బూటు తప్పు పట్టకుండా రాడ్ ఎత్తు పెంచుకోండి. రాడ్ నేరుగా గేర్ ఇరుసుకి బిగించి ఉన్న బైక్‌లలో బోల్టు పూర్తిగా తీసి, రాడ్‌ని బయటికి లాగి, ఒక్క పన్ను పైకి జరిపి మళ్ళీ బిగిస్తారు. మధ్యలో కడ్డీ ఉన్న బైక్‌లలో ఆ కడ్డీని తిప్పి సరిచేస్తారు. మెకానిక్‌కి పది నిమిషాల పని. కొత్త బూట్లు వేసుకునే వెళ్ళి, సీటు మీద కూర్చుని సరిచూసుకోండి. ముందుకి ఉక్కు టోపీ ఉన్న ఫ్యాక్టరీ సేఫ్టీ షూలు చాలామంది చవకని వాడతారు. వాటి ముందు భాగం ఇంకా మందం, పైగా చాలావాటిలో చీలమండకి గట్టి కప్పు ఉండదు.

చీలమండ విషయంలో రాజీ పడవద్దని నా గట్టి మాట. నిరుడు వానాకాలంలో ఛత్రపురం నుంచి వస్తుంటే ఎద్దు అడ్డం వచ్చి బైక్ ఎడమ వైపుకి ఒరిగిపోయింది. వేగం తక్కువే, కానీ కాలు బండి కింద ఇరుక్కుంది. అలా ఇరుక్కున్నప్పుడు బయటి ఎముకకి రోడ్డు తగిలితే లోపలి ఎముకకి ఇంజన్ తగులుతుంది. నా బూటుకి రెండు వైపులా గట్టి కప్పులు ఉన్నాయి. బయటి కప్పు మీద తోలు గీసుకుపోయింది, నాకు వాపు మాత్రం వచ్చి తగ్గింది. అందుకే షాపులో బొటనవేళ్ళతో రెండు వైపులా నొక్కి చూడండి. కొన్నిటిలో బయట మాత్రమే కప్పు, లోపల ఉత్త స్పాంజి ఉంటుంది. లోపలి లేబుల్ మీద రైడింగ్ బూట్ల యూరప్ ప్రమాణం EN 13634 అని, దాని దగ్గర IPA అనే అక్షరాలు ఉంటే చీలమండ మీద దెబ్బకి పరీక్ష చేసినట్టు. కింది నాలుగు అంకెల్లో చివరిది అడుగు పక్కల నుంచి నొక్కుడికి ఎంత తట్టుకుంటుందో చెబుతుంది, 1 కన్నా 2 గట్టిది.

నడకకి వచ్చేసరికి ఆ కప్పే ఇబ్బంది పెడుతుంది. అది సరిగ్గా ఎముక మీద కూర్చోవాలి. కాస్త పైకో కిందకో ఉంటే మెట్లు దిగేటప్పుడు అంచు ఒరుసుకుంటుంది, చర్మం లేస్తుంది. సాయంత్రం, పాదం కొద్దిగా ఉబ్బి ఉన్నప్పుడు, మీరు రోజూ వేసే సాక్స్‌తో వెళ్ళి షాపులో పది నిమిషాలు నడవండి, మెట్లు ఎక్కి దిగండి. బూటు వేళ్ళ మొదళ్ళ దగ్గర వంగాలి. పాదం మధ్యలో వంగేది త్వరగా కాలు నొప్పి పుట్టిస్తుంది. మడమ లోపల లేస్తుంటే సైజు తగ్గించండి, లేదా వేరే మోడల్ చూడండి. మీరు అంతసేపు నడుస్తారు కాబట్టి మోకాలి దాకా వచ్చేవి వద్దు, చీలమండ దాటి నాలుగు వేళ్ళ ఎత్తు చాలు. లేసులుంటే వాటి ముడి బూటు లోపలికి దూర్చే వీలుండాలి, వదులైన కొస గేర్ రాడ్‌కో ఫుట్‌రెస్ట్‌కో చుట్టుకుంటే సిగ్నల్ దగ్గర కాలు కింద పెట్టలేరు. జిప్పు ఉన్నవైతే దాని మీద వెల్క్రో పట్టీ ఉండేది తీసుకోండి.