మోంజా మొదటి షికేన్: సమయం పోతున్న చోటు

"మోంజా రేస్ ట్రాక్ మొదటి షికేన్‌లో బ్రేకు అందరికన్నా ఆలస్యంగానే వేస్తున్నాను, అయినా రిఫరెన్స్ ల్యాప్ కంటే 0.3 సెకన్లు వెనకబడుతున్నాను. గ్రాఫ్‌లో ఎక్కడ చూడాలి?"

ముందుగా గ్రాఫ్ అడ్డు అక్షాన్ని సమయానికి బదులు దూరానికి మార్చండి. అప్పుడే రెండు ల్యాపులు ట్రాక్ మీద ఒకే చోట సరిపోలుతాయి. రెండు ల్యాపుల మధ్య సమయపు తేడా చూపే డెల్టా గీత బ్రేకింగ్‌లో కాస్త మీకు అనుకూలంగా కదిలి, షికేన్ దాటాక వచ్చే కర్వా గ్రాండే మలుపు పొడవునా నష్టం వైపు పెరుగుతూ పోతే, తప్పు ఆలస్యపు బ్రేకుదే. దానికి సాక్ష్యం థ్రాటిల్ గీతలో దొరుకుతుంది: కారు ఇంకా తిరగకముందే పెడల్ నొక్కి, వెడల్పుగా పోతుంటే మళ్లీ వదిలినచోట అది రంపపు పళ్లలా కనిపిస్తుంది.

బ్రేకును ఐదారు మీటర్లు ముందే గట్టిగా వేసి, స్టీరింగ్ తిప్పేకొద్దీ మెల్లగా వదలండి. థ్రాటిల్ గీత ఒక్కసారి లేచి మళ్లీ పడకపోతే సరిచేసినట్టే. మొదట్లో కనిష్ఠ వేగం కొద్దిగా తగ్గినా కంగారుపడకండి, ఎందుకంటే నిష్క్రమణలో దక్కిన వేగం తర్వాతి బ్రేకింగ్ వరకూ వెంట వస్తుంది.