152 అని ఒకరు, నార్మల్ అని మరొకరు: మా అమ్మాయికి ఉత్తరం

పర్లాకిమిడి

అమ్మడూ,

నిన్న రాత్రి ఫోనులో నువ్వు ఏడుస్తుంటే సగం మాటలు నాకు అర్థం కాలేదు. మీ ఆయన పంపిన రెండు కాగితాల ఫోటోలూ పొద్దున్న కళ్ళజోడు పెట్టుకుని చూశాను. రాయగడలో మీ వీధి నర్సు దిదీ గర్భిణులకి చేసే సుగర్ పరీక్షలో నీకు 152 వచ్చింది, సుగర్ ఉందని రాసిచ్చింది. వారం తిరక్కుండా విశాఖపట్నం తీసుకెళ్ళి మళ్ళీ చేయిస్తే, అక్కడ ‘ఏమీ లేదు, నార్మలే’ అన్నారు. ఇక మీ అత్తగారు దిదీ మిషను పాడైందని తేల్చేసి, నీకు పాయసం వండిపెట్టారట. ముప్పై ఏళ్ళకి పైగా ల్యాబులో రక్తం తీసినదాన్ని, ఈ తగువు నాకు కొత్త కాదు. ఆ ఇద్దరిలో ఎవరూ తప్పు చెయ్యలేదు. ఎలాగో చెప్తాను, నిదానంగా చదువు.

మూడో నెలలో చేసినప్పుడు 118 వచ్చింది కదా, మళ్ళీ ఆరో నెల దాటాక ఎందుకు చేశారని అడిగావు. అసలు సంగతి మావిలో ఉంది. బిడ్డకి తిండి అందాలని మావి కొన్ని హార్మోన్లు వదుల్తుంది. వాటివల్ల తల్లి ఒంట్లో ఇన్సులిన్ మాట సాగదు, చక్కెర రక్తంలోనే ఇంకొంచెంసేపు నిలుస్తుంది. మూడో నెలలో మావి చిన్నది, ఈ అడ్డు తెలియదు. అది పెరిగేకొద్దీ అడ్డూ పెరిగి, ఇరవై నాలుగో వారానికి బాగా బయటపడుతుంది. చాలామందికి క్లోమం ఇన్సులిన్ రెండింతలకి పైగా తయారుచేసి నెగ్గుకొస్తుంది. కొందరికి అంత చేతకాదు. నీకు జరిగింది అదే. అందుకే ఇరవై నాలుగు, ఇరవై ఎనిమిది వారాల మధ్య రెండోసారి చూస్తారు. అప్పటికి దొరికితే సరిచెయ్యడానికి ఇంకా మూడు నెలలు చేతిలో ఉంటాయి. సంక్రాంతి అరిసెలు తిన్నావు కాబట్టి వచ్చిందని ఎవరైనా అంటే ఈ ఉత్తరం వాళ్ళ చేతిలో పెట్టు.

బిడ్డకేమవుతుందన్న భయం ఉంది కదా. నీ రక్తంలో చక్కెర మావి దాటి బిడ్డకి చేరుతుంది, నీ ఇన్సులిన్ మాత్రం దాటదు. వచ్చిన చక్కెరని సర్దుకోడానికి లోపలున్న బిడ్డే తన ఇన్సులిన్ ఎక్కువగా చేసుకుంటుంది. దాంతో కొవ్వు పట్టి భుజాలు, పొట్ట లావెక్కుతాయి, కాన్పులో భుజం పట్టేసే ప్రమాదం వస్తుంది. పుట్టి బొడ్డు కోశాక నీ నుంచి వచ్చే చక్కెర ఆగిపోతుంది, బిడ్డ ఇన్సులిన్ మాత్రం వెంటనే తగ్గదు. అందుకే మొదటి గంటల్లో బిడ్డ రక్తంలో చక్కెర పడిపోవచ్చు. కాన్పు ఆసుపత్రిలోనే కావాలనీ, పుట్టిన గంటలోపు పాలు పట్టాలనీ, మడమ మీద చిన్న పోటు పొడిచి చూస్తారనీ చెప్పేది ఇందుకే. నీ సుగర్ అదుపులో ఉంటే ఈ గొడవంతా చాలావరకు తప్పుతుంది.

ఇప్పుడు ఆ రెండు కాగితాలు. దిదీ చేసినది మన దేశపు ఆరోగ్యశాఖ పెట్టిన పద్ధతి. మద్రాసు డాక్టరు వి. శేషయ్య గారు పల్లెల్లో పనికొచ్చేలా దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. తిన్నావా, తినలేదా అని అడగరు. 75 గ్రాముల గ్లూకోజు 300 మిల్లీలీటర్ల నీళ్ళలో కలిపి, అయిదు పది నిమిషాల్లో తాగిస్తారు. రెండు గంటలకి ఒకే ఒక్క చుక్క చూస్తారు. 140 గాని, ఆపైన గాని వస్తే గర్భంతో వచ్చిన సుగర్ అని లెక్క. ఖాళీ కడుపుతో బస్సెక్కి రమ్మంటే కొండల మీది ఆడవాళ్ళు రాలేరు, వచ్చినా తిరిగి రెండోరోజు రారు. అది తెలిసి పెట్టిన పద్ధతి ఇది, నాకు దీని మీద గౌరవం.

విశాఖలో చేసింది వేరు. రాత్రంతా ఏమీ తినకుండా వచ్చావు. పొద్దున్న ఖాళీ కడుపుతో ఒకసారి, అదే 75 గ్రాములు తాగాక గంటకి ఒకసారి, రెండు గంటలకి ఒకసారి తీశారు. నీకు 88, 168, 149 వచ్చాయి. అక్కడి హద్దులు 92, 180, 153. మూడింటిలో ఒక్కటి ముట్టినా సుగరే, నీవి మూడూ కింద ఉన్నాయి. కాబట్టి నార్మల్ అన్నారు. అదే 149ని మన దిదీ హద్దు పక్కన పెట్టి చూడు, 140 దాటింది. నీ ఒంట్లో ఏ తేడా లేదు, గీత గీసిన చోటే వేరు. రెండు గీతల మధ్య చిక్కుకున్నావు. పైగా ఇవాళ 152 వచ్చినవాళ్ళకి వారం తర్వాత చేస్తే 145 గాని 158 గాని రావచ్చు, ఒంటి లెక్క అలాగే ఊగుతుంది.

ఇలా మధ్యలో పడ్డవాళ్ళకి నేను చెప్పే మాట ఒకటే. మూడో పరీక్షకి ఇంకో ఊరు పోవద్దు. సుగర్ ఉన్నట్టే అనుకుని రెండు వారాలు తిండి సర్దుకో, తర్వాత భోజనం చేశాక ఎంత ఉందో చూడు. దాంతో తేలిపోతుంది.

ఈలోగా ఆ 152 నమ్మదగ్గదేనా అని నేనే దిదీకి ఫోను చేసి అడిగాను, కోపం తెచ్చుకోకు. తాగిన అరగంటలో వాంతి చేసుకున్నావా అన్నాను, లేదంది. చేసుకుంటే ఆ పరీక్ష చెల్లదు, ఇంకోరోజు చెయ్యాలి. గ్లూకోజు చెంచాలతో కొలిచావా అన్నాను, 75 గ్రాముల పాకెట్టేనంది. నువ్వు ఆ రెండు గంటలూ బజారు తిరక్కుండా బెంచీ మీదే కూర్చున్నావనీ, చుక్క అక్కడికక్కడే మిషనులో వేసిందనీ చెప్పింది. ఆ చివరిది విని నాకు ప్రాణం లేచొచ్చింది.

ఎందుకంటే నా ఉద్యోగంలో ఒకసారి క్యాంపులో పొద్దున్న పదింటికి తీసిన రక్తం మామూలు ట్యూబులో వేసి, జీపు దొరక్క రెండింటికి ల్యాబుకి తెచ్చారు. 124 వచ్చింది, నార్మల్ రాశాం. మర్నాడు ఎందుకో మనసొప్పక ఆ అమ్మాయిని పిలిపించి మళ్ళీ తాగించి, తీసిన వెంటనే చూస్తే 151. ట్యూబులో ఉన్న రక్తకణాలు ఊరికే ఉండవమ్మా, చక్కెర తింటూనే ఉంటాయి, గంటకి నూటికి అయిదారు వంతులు తగ్గుతుంది. ఆ తిండి ఆపే మందు ఉన్న బూడిద రంగు మూత ట్యూబులో పోసినా, అది పనిచెయ్యడానికి గంట పైనే పడుతుంది. దూరం నుంచి వచ్చిన రక్తంలో తక్కువ అంకె కనిపిస్తే నేను సంతోషించడం ఆరోజే మానేశాను.

మీ అత్తగారు ‘మా రోజుల్లో ఒంటేలు కాచి చూసేవాళ్ళు, చాలదా’ అన్నారట. నేనూ కాచాను. బెనెడిక్టు ద్రావణంలో కొన్ని చుక్కలు వేసి వేడి చేస్తే నీలం నుంచి ఆకుపచ్చ, నారింజ, ఇటుక రంగు దాకా పోయేది, చూడముచ్చటగా ఉండేది. కానీ గర్భంతో ఉన్నప్పుడు మూత్రపిండాలు మామూలు సుగర్‌కే కొంత చక్కెర వదిలేస్తాయి. ఏ జబ్బూ లేని పిల్లకి ఆకుపచ్చ రావచ్చు, నీలాంటిదానికి నీలమే ఉండిపోవచ్చు. అందుకే ఆ పరీక్షతో తేల్చరు.

ఇక తిండి. తగ్గించమని కాదు, పంచుకోమని. మీ ఇంట్లో పొద్దున్న పఖాళం, అంటే నీళ్ళలో నానిన చద్దన్నం, మధ్యాహ్నం రెండోసారి వడ్డించుకునేంత అన్నం, రాత్రి మళ్ళీ అన్నమే. ఆ రోజు మొత్తం అన్నాన్నే మూడు చిన్న భోజనాలు చేసుకో, నడుమ గుప్పెడు వేయించిన శెనగలో, గుడ్డో, మజ్జిగో పెట్టుకో. పఖాళం తినాలనిపిస్తే చిన్న గిన్నెడు తిని, పక్కన పప్పో చేపముక్కో ఉండేలా చూసుకో. పప్పులో కూరగాయలు వేసి వండే డాల్మా మంచిది, కాని అందులో బంగాళాదుంప కాకుండా బొప్పాయికాయ, ములక్కాడ ఎక్కువ వెయ్యి. చోడి అంబలి, అదే రాగంబలి, సుగర్‌కి మందని ఊరంతా అంటారు. పల్చగా కాచి గ్లాసు తర్వాత గ్లాసు తాగితే దాంతోనూ సుగర్ గబగబా ఎక్కుతుంది, గట్టిగా వండి కూరతో తింటే నయం. ఆకలికి ఉండిపోవద్దు, అది బిడ్డకి మంచిది కాదు. డాక్టరు వద్దనకపోతే భోజనం చేసిన కాసేపటికి వీధిలో అరగంట నడువు.

రెండు వారాలయ్యాక, మొదటి ముద్ద పెట్టుకున్న గడియారం చూసుకుని సరిగ్గా రెండు గంటలకి చుక్క చూపించు. 120 లోపు ఉండాలి. పొద్దున్న లేవగానే చూస్తే 95 లోపు. ఒకవేళ టిఫిను తర్వాత 131, మధ్యాహ్నం 114, రాత్రి 117 వచ్చాయనుకో. చాలామందికి ఇలాగే పొద్దుటిదే మొండికేస్తుంది, తెల్లవారుజామున ఒంట్లో కొన్ని హార్మోన్లు పెరుగుతాయి కాబట్టి. టిఫినులో ఇడ్లీలు ఒకటి తగ్గించి గుడ్డు చేర్చాక కూడా 120 దిగకపోతే, డాక్టరు మాత్రో ఇన్సులినో మొదలుపెడతారు. ఇన్సులిన్ పేరు వినగానే మీ ఆయన ముఖం ఎలా పెడతాడో నాకు తెలుసు. అది మావి దాటి బిడ్డని చేరదని పైన రాశాను, ఆ ముక్క చదివి వినిపించు. ఒకవేళ అంకె 200 దాటితే మాత్రం రెండు వారాలు ఆగొద్దు, అది గర్భానికి ముందునుంచే ఉన్న సుగర్ అయ్యుండొచ్చు, ఆ రోజే డాక్టరు దగ్గరికి పో. ప్రతి నెలా 9వ తేదీన సర్కారు ఆసుపత్రిలో గర్భిణులని డాక్టర్లే చూస్తారు, ఆ రోజు వదలకు.

విశాఖ కాగితాన్ని రాయగడలో దాచిపెట్టొద్దు, రాయగడ కాగితాన్ని విశాఖలో దాచిపెట్టొద్దు. రెండూ ఒకే కవరులో పెట్టుకుని, ఎక్కడికి పోయినా డాక్టరు బల్ల మీద పెట్టు. ప్రతి అంకె పక్కన ఏ పరీక్షో రాయి: ‘తిన్నాక’ అనో, ‘75 గ్రాములు తాగాక’ అనో. ఏదో తెలియని అంకెతో మేం ల్యాబువాళ్ళమైనా ఏమీ చెయ్యలేం.

కాన్పయ్యాక మావి బయటికి వస్తుంది, దాంతోపాటు ఈ సుగర్ చాలామందికి పోతుంది. అయినా ఆరు వారాలకి అవే తీపి నీళ్ళు ఇంకోసారి తాగాలి. అప్పటికి బాలింతవి, పాలు, నిద్రలేమి, బారసాల హడావుడి, ఆ పరీక్ష ఎగ్గొట్టే ఆడపిల్లలే ఎక్కువ. నేను వచ్చి ఉంటానులే. నువ్వు ల్యాబు బెంచీ మీద కూర్చో, బిడ్డని నేను ఎత్తుకుంటాను, రెండు గంటలే కదా.

మీ దొడ్డమ్మ