థైరాయిడ్ మందు కంటే ముందు స్టెరాయిడ్ ఎందుకు?

“దేవరకొండలో ఉండే మా నాయనమ్మకు 74 ఏళ్లు. మూడు నెలలుగా థైరాయిడ్ మాత్రలు మానేసింది. నిన్న మత్తులోకి జారింది, ఒళ్లు చల్లబడింది, నాడి 44. నల్లగొండలో ఐసీయూలో చేర్చాం. మిక్సిడిమా కోమా అంటూ ముందు స్టెరాయిడ్ ఎక్కించారు. హీటర్ కూడా వద్దన్నారు. ఎందుకు?”

మిక్సిడిమా కోమా అంటే థైరాయిడ్ హార్మోను బాగా తగ్గిపోయి ప్రాణం మీదికి వచ్చే స్థితి. అందులో స్టెరాయిడ్ ముందు పడటం సరైన క్రమమే. ఇలాంటి వారిలో కొందరికి కార్టిసాల్ అనే సహజ స్టెరాయిడ్‌ను తయారుచేసే అడ్రినల్ గ్రంథులు కూడా బలహీనంగా ఉంటాయి. థైరాయిడ్ మందు పడగానే శరీరం కార్టిసాల్‌ను త్వరగా ఖర్చు చేస్తుంది. అది చాలకపోతే రక్తపోటు కుప్పకూలుతుంది. అందుకే కార్టిసాల్ పరీక్షకు రక్తం తీసి, ఫలితం కోసం ఆగకుండా, సాధారణంగా హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ 100 మిల్లీగ్రాములు 8 గంటలకోసారి ఇస్తారు. ఆ వెంటనే థైరాయిడ్ మందు థైరాక్సిన్ మొదలుపెడతారు. దాన్ని రోజుల తరబడి వాయిదా వేయరు. ఎప్పుడు మొదలవుతుందో ఈరోజే డాక్టరును అడగండి.

1. సిరలోకి ఇచ్చే థైరాక్సిన్ తొలి మోతాదు మామూలుగా 200–400 మైక్రోగ్రాములు. ఈ వయసులో తక్కువతోనే మొదలుపెడతారు. ఇన్నాళ్లూ నెమ్మదిగా కొట్టుకున్న గుండెను ఒక్కసారి పరుగెత్తిస్తే లయ తప్పవచ్చు, గుండెపోటు రావచ్చు.

2. హీటరు, వేడినీళ్ల సీసా పెడితే చర్మంలోని రక్తనాళాలు విచ్చుకుని రక్తపోటు పడిపోతుంది. దుప్పట్లు కప్పితే చాలు.

3. చాలామంది చెప్పడం మరిచిపోయేది ఇదే: ఈ మధ్య నిద్రమాత్రలు, మత్తు కలిగించే నొప్పి మందులు వాడారా? దగ్గు, మూత్రంలో మంట ఉన్నాయా? ఈ స్థితిలో ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం కనిపించకపోవచ్చు. వాడిన మాత్రల అట్టలన్నీ తీసుకెళ్లి చూపించండి.